సెలవుల చార్టులో కొట్టేసిన పేరు

లిఫ్టులు బాగుచేసే మా షెడ్డులో ఆయన్ని అందరూ చార్టు మేస్త్రి అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం మేస్త్రిగారూ అనేవాళ్ళు. ఆయనకి రెండూ తెలుసు. "చార్టు మేస్త్రి తన చావు కూడా మూడు వారాల ముందే బోర్డు మీద అంటిస్తాడు, ఎవరైనా తేదీ మార్చుకోవాలంటే మార్చుకోవచ్చని" అని ఒక జోకు షెడ్డులో తిరుగుతుండేది. అది ఆయన చెవిన పడ్డప్పుడు నవ్వలేదు. "మూడు వారాలు చాలదురా, అందరికీ కుదరొద్దూ" అన్నాడు. ఆయన హాస్యమాడాడో, నిజంగానే అన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. మనిషి అలాంటివాడు.

పొట్టి మనిషి, యాభై ఆరేళ్ళు. కుడి మోకాలు వంగదు. చొక్కా జేబులో నాలుగు రంగుల పెన్ను. మామూలు రోజుల్లో ఆయన పని ఎవరిని ఏ భవనానికి పంపాలో చూడడం. ఏడాదికి ఒకసారి మాత్రం, సంవత్సరం చివర ఐదు రోజులు ఊరంతా సెలవులో ఉన్నప్పుడు, ఆయన పని వేరు. ఆ ఐదు రోజులు షెడ్డు మూసేస్తారు. నూనె వెయ్యడం, తాళ్ళు చూడడం లాంటి రోజువారీ పనులు ఆగిపోతాయి. కానీ లిఫ్టులకి సెలవుల సంగతి తెలియదు. పైగా ఇళ్ళ నిండా చుట్టాలు, చేతుల నిండా సంచులు, పిల్లల ఆటలు. లిఫ్టులు ఎక్కువగా ఆగేదీ అప్పుడే. అందుకని రోజుకి ఇద్దరు మనుషులు ఇంట్లోనే ఉండి, పిలిస్తే అరగంటలో చేరాలి. పొద్దున ఎనిమిది నుంచి మర్నాడు పొద్దున ఎనిమిది దాకా. ఊరు దాటకూడదు, తాగకూడదు, ఫోను ఆపకూడదు. ఇద్దరు ఎందుకంటే, లోపల మనుషులు ఇరుక్కుంటే ఒక్కడు తియ్యలేడు. ఒకడు పైన మోటారు గదిలో కరెంటు ఆపి, బ్రేకు వదులుతూ చక్రం చేత్తో తిప్పాలి. ఇంకొకడు కింద తలుపు దగ్గర నిలబడి, పెట్టె అంతస్తుకి సరిగ్గా వచ్చిందని చెప్పాలి. ఒక్కడే తొందరపడి చేస్తే ప్రాణాల మీదికొస్తుంది.

మేస్త్రి రాకముందు ఆ ఇద్దరెవరో ముందురోజు సాయంత్రం మేనేజరు ఫోన్లో చెప్పేవాడట. ఎదురు చెప్పలేని వాళ్ళకే ఎప్పుడూ ఆ ఫోను వచ్చేది. మేస్త్రి వయసులో ఉన్నప్పుడు వరసగా తొమ్మిదేళ్ళు ఆయనకే వచ్చింది. తొమ్మిదో ఏడు ఆయన భార్య అన్నం వడ్డిస్తూ, "మీరు ఎదురు చెప్పలేరని అందరికీ తెలుసు, అది నా ఖర్మ" అందట. ఆ మాట ఆయన మాకు చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ పక్కకి చూసేవాడు.

ఫోర్మన్ అయిన మొదటి నెలలోనే ఆ పద్ధతి తీసేశాడు. పద్నాలుగు మందిని రెండు జట్లు చేశాడు. పోయినేడు సెలవుల్లో చేసినవాళ్ళు ఈ ఏడు ఇంట్లో. ఎవరికీ వరసగా రెండు రోజులు పడవు. డ్యూటీ చేసిన మర్నాడు ఖాళీ. ఎవరికి ఏ రోజు కావాలో నెల ముందు ఒక పుస్తకంలో రాయాలి. మూడు వారాల ముందు, సోమవారం పొద్దున టీ తాగే వేళకి, ఆయన బల్ల ముందు నిలబడి చార్టు చదివేవాడు. తేదీ, మొదటి మనిషి, రెండో మనిషి. చదివాక, "అడిగేదుంటే ఇప్పుడు అడగండి" అని అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసేవాడు. అప్పుడు మార్చేవాడు కూడా. బోర్డుకి అంటించాక మాత్రం దేవుడొచ్చినా మార్చడు. ఇద్దరు మాట్లాడుకుని మార్చుకుంటే సరే. దానికొక చీటీ ఉంది. ఇచ్చేవాడి సంతకం, పుచ్చుకునేవాడి సంతకం, కారణం అని ఒక గడి. ఆ చీటీ ఫోనక్క దగ్గరికి వెళ్ళాలి.

ఫోనక్క అంటే మా ఫోన్ల బల్ల దగ్గర కూర్చునే ఆవిడ. భవనాల్లో అంటించే నోటీసులో మా ఎవరి నంబర్లూ ఉండవు, ఫోన్ల బల్ల నంబరు ఒక్కటే ఉంటుంది. బల్ల దగ్గర చార్టు నకలు అద్దం కింద పెట్టి ఉంటుంది. చీటీ వస్తేనే ఆవిడ ఆ నకలు దిద్దుతుంది. నోటి మాటకి దిద్దదు. ఒకసారి మేనేజరే వచ్చి చెప్పినా దిద్దలేదు. "చీటీ ఏదండీ?" అంది. అలా ఉండమని ఆవిడకి నేర్పిందీ మేస్త్రే.

ఇరవై రెండేళ్ళు ఈ చార్టు ఒక్క తప్పు లేకుండా నడిచింది. ఎవరూ మెచ్చుకోలేదు. సెలవులొచ్చాయి, మనుషులు ఇరుక్కున్నారు, బయటికి వచ్చారు, మేం వంతులవారీగా ఇంట్లో పడుకున్నాం. అంతే.

పోయినేడు చార్టులో రెండో రోజుకీ నాలుగో రోజుకీ మొదటి మనిషి గుత్తి. ఈయన మేస్త్రితో ఒకే రోజు పనిలో చేరినవాడు. నడుముకి ఎప్పుడూ నలభై యాభై తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు. మాకు గుత్తన్న. ఆయనా మేస్త్రీ చుట్టాలు కారు, కులం ఒకటి కాదు, అయినా ముప్ఫై ఏళ్ళకి పైగా బావా అంటే బావా అనుకుంటారు. మధ్యాహ్నం ఒకే బల్ల మీద తింటారు. మేస్త్రి క్యారేజీలో కూర బాగుంటే గుత్తన్న అడక్కుండా తీసుకుంటాడు. గుత్తన్న క్యారేజీ బాగుంటే మేస్త్రి అడిగి తీసుకుంటాడు. ఇద్దరి మధ్యా తేడా అంతే.

చార్టు అంటించిన నాలుగో రోజు గుత్తన్న తినలేదు. క్యారేజీ మూత కూడా తియ్యకుండా, మేస్త్రిని షెడ్డు వెనక పాత మోటార్లు పడేసే చోటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్యకి రెండేళ్ళుగా ఒంట్లో బాగాలేదని మాకందరికీ తెలుసు. అంతకుముందు ఏడు సెలవుల్లో ఆవిణ్ణి ఆసుపత్రిలో పెట్టుకునే కూర్చున్నాడు. అది ఆయన జట్టు ఇంట్లో ఉండే వంతు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు డాక్టరు మందులు ఆపేశాడట. నొప్పికి తప్ప ఇంకేమీ వద్దన్నాడట. నెల, లేకపోతే ఇంకా తక్కువ. రోజులో ఎక్కువ భాగం మత్తుగా పడుకుంటుంది, ఎప్పుడో కాసేపు తెలివొస్తుంది, అప్పుడు మాట్లాడుతుంది. ఆ కాసేపు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

"ఆ ఐదు రోజులూ నన్ను ఇంట్లో వదిలెయ్యి బావా. ముప్ఫై ఏళ్ళలో ఏమీ అడగలేదు" అన్నాడు గుత్తన్న.

మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. సెలవులదాకా ఎందుకు, ఇప్పుడే సెలవు పెట్టమన్నాడు. అది కుదరదు, ఇంట్లో మరదలు ఉంది, పగలు ఆవిడ చూసుకుంటోంది, సెలవుల తర్వాత ఎన్నాళ్ళు అవసరమవుతుందో తెలియదు, ఉన్న సెలవులు దాచుకోవాలి అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు.

"ఎవరికీ చెప్పకు. జాలిపడి ఇచ్చే సెలవు నాకొద్దు. దానికి తెలిస్తే ఊరుకోదు కూడా. తనకింకా టైముందని అనుకుంటోంది."

మేస్త్రి సరేనన్నాడు. ఆ ఒక్క సరే దగ్గరే అంతా మొదలైంది.

చీటీ రాస్తే కారణం గడి నింపాలి. గడి ఖాళీగా ఉంటే ఫోనక్క తీసుకోదు. అబద్ధం రాయడం మేస్త్రికి చేతకాదు. నిజం రాస్తే ఆ సాయంత్రానికి షెడ్డంతా తెలుస్తుంది. ఒకరోజంతా ఆ చీటీ ఆయన జేబులో తిరిగింది. మర్నాడు పొద్దున నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళి, ఎర్ర పెన్నుతో రెండు చోట్లా గుత్తన్న పేరు కొట్టేసి, పక్కన తన పేరు రాశాడు. అంతవరకు అంటించిన చార్టు మీద ఎర్ర గీత ఎవరూ చూసి ఎరగరు.

మొదట చూసింది పొడుగు. పొడుగు అంటే మాలో బాగా పొడుగైనవాడు, ముప్ఫై దాటినవాడు, పనిమంతుడు, నోటిదురుసు. రెండో రోజు రెండో మనిషి వాడే. వాడి తమ్ముడు ఏడేళ్ళ తర్వాత ఇంటికొస్తున్నాడు, సరిగ్గా ఆ రెండో రోజునే. చార్టు అంటించిన మర్నాడు వాడికి కబురు తెలిసి మార్చమని అడిగితే, అంటించాక మార్చనని మేస్త్రి తిప్పి పంపాడు. మార్చుకునే మనిషిని వెతుక్కోమన్నాడు. వాడు అందరినీ అడిగాడు, ఎవరూ ఒప్పుకోలేదు. మేమంతా అప్పటికే ఎవరి ఏర్పాట్లు వాళ్ళం చేసుకున్నాం. ఆ సంగతి దాచడం దేనికి.

పొడుగు బోర్డు ముందు నిలబడి, అందరికీ వినపడేట్టే అడిగాడు.

"మేస్త్రిగారూ, నాకో న్యాయం, బావకో న్యాయమా?"

"నేను చేస్తున్నాగా ఆయన డ్యూటీ. నీ మీద పడలేదుగా."

"నా డ్యూటీ కూడా మీరే చేసుండాల్సింది. నేను బావని కాదుగా, అందుకేగా? ఎందుకు మార్చారో చెప్పండి, నోరు మూసుకుంటా."

మేస్త్రి చెప్పలేదు. నిలబడ్డాడు. గుత్తన్న అక్కడ లేడు, పొద్దున్నే ఏదో భవనానికి వెళ్ళాడు. "ఇరవై రెండేళ్ళ నీతి బావ దగ్గర ఆగిపోయింది" అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు. కొందరు నవ్వారు. మేస్త్రి పెన్ను జేబులో పెట్టుకుని, వంగని మోకాలితో మెల్లగా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఫోన్ల బల్ల ఆ గదికి నాలుగడుగుల దూరం. ఎప్పుడు ఏది దిద్దినా ముందు అక్కడికే వెళ్ళేవాడు. ఆ రోజు వెళ్ళలేదు. చీటీ రాయలేదు కాబట్టి ఫోనక్క అడగలేదు. ఆవిడకి బోర్డు మీద ఎర్ర గీత కనబడింది, చీటీ వస్తుందిలే అనుకుంది. మర్నాటి నుంచి ఆ సంగతి ఎత్తడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. ఎత్తితే గొడవ. అద్దం కింద నకలులో గుత్తన్న పేరు అలాగే ఉంది.

సెలవులొచ్చాయి. షెడ్డు మూసినా ఫోన్ల బల్ల నడవాల్సిందే, దానికి కూడా వంతులుంటాయి. ఫోనక్క మనిషే, ఆవిడకీ ఇల్లుంది. మొదటి రోజు ఆవిడ కూర్చుంది. రెండో రోజు ఇంకో శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకి మేమెవరమో తెలియదు, బోర్డు చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. కాగితం మీద ఏ పేరుంటే ఆ నంబరుకి చేస్తాడు.

రెండో రోజు పొద్దున తొమ్మిదీ నలభైకి ఎనిమిది అంతస్తుల భవనంలో ఐదుకీ ఆరుకీ మధ్య లిఫ్టు ఆగింది. లోపల ఒక ముసలాయన, ఆరేళ్ళ మనవరాలు. కాగితం ప్రకారం గుత్తన్నకి ఫోను వెళ్ళింది.

ఆ టైముకి గుత్తన్న మంచం పక్కన స్టూలు మీద ఉన్నాడు. భార్య మత్తులో ఉంది, పొద్దున మందు వేశాక అలాగే పడుకుంది. ఫోను మోగితే, ఆవిడ లేస్తుందేమోనని వరండాలోకి పరిగెత్తి ఎత్తాడు. ఇవాళ నాది కాదు, మేస్త్రికి చెయ్యండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనబోయాడు కూడానట. అవతలాయన భవనం పేరు చెప్పాడు. అది గుత్తన్న ఇంటికి ఎనిమిది నిమిషాల దూరం. మేస్త్రి ఇంటి నుంచి అరగంట. లోపల పిల్ల ఏడుస్తోందని కూడా చెప్పాడు. మేస్త్రి ఇంకో పిలుపు మీద వెళ్ళుంటాడు, అందుకే నాదాకా వచ్చిందనుకున్నాడు గుత్తన్న. తన ఫోను తప్పు కాగితం వల్ల మోగిందన్న ఆలోచనే ఆయనకి రాలేదు. ఆ చార్టులో తప్పుంటుందని ఎవడనుకుంటాడు?

మరదలితో చెప్పాడు. "గంటలో వస్తా. లేవదులే."

రెండో మనిషి పొడుగు. వాడు భవనం కింద గుత్తన్నని చూసి మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి పేరు రాయించుకుని మళ్ళీ మీరే వచ్చారే, ఇదేం నాటకం అన్నాడు. గుత్తన్న మెట్ల వైపు నడిచాడు. పని మొదలుపెట్టారు. గుత్తన్న కింద ఆరో అంతస్తు తలుపు దగ్గర, పొడుగు పైన మోటారు గదిలో. ముందు లోపలివాళ్ళతో మాట్లాడాడు: తలుపు ముట్టుకోవద్దు, కూర్చోండి, పెట్టె కాస్త కదులుతుంది, భయం లేదు. పిల్లని నీ పేరేంటని అడిగి, ఎన్ని అంకెలు వచ్చో లెక్కపెట్టమన్నాడు. పైన పొడుగు కరెంటు ఆపాడు. చక్రం తిప్పాడు. పిల్ల నూట పన్నెండు దగ్గర ఉండగా గుత్తన్న తలుపు తీశాడు.

అక్కడితో పని అయిపోదు. ఆరో అంతస్తు తలుపు గడియ అరిగిపోయింది. అలా వదిలేస్తే మళ్ళీ ఎవరో ఎక్కుతారు. అన్ని అంతస్తుల్లోనూ 'ఎక్కవద్దు' అట్టలు తగిలించాలి, కరెంటుకి తాళం వెయ్యాలి, వాచ్‌మన్‌తో సంతకం పెట్టించాలి, ఫోన్ల బల్లకి చెప్పాలి. గుత్తన్న ఒక్క అట్ట కూడా వదల్లేదు. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం పొడుగుతో అన్నాడు.

"త్వరగా కానీరా తమ్ముడూ. మీ వదిన లేస్తుంది."

"ఇప్పుడెలా ఉంది వదినకి?"

"అయిపోవచ్చింది" అన్నాడు గుత్తన్న. అనేశాక తన నోటివెంట వచ్చిన మాట తనే విన్నట్టు మెట్టు మీద ఆగిపోయాడట. పొడుగు అప్పుడు ఆయన చేతిలోంచి అట్టలు లాక్కుని, మీరు వెళ్ళండన్నా, నేను చూసుకుంటా అన్నాడు. గంటా ఇరవై నిమిషాలు అప్పటికే అయిపోయాయి.

గుత్తన్న ఇంట్లోంచి బయలుదేరిన పావుగంటకే ఆయన భార్యకి తెలివొచ్చింది. నాలుగు రోజుల తర్వాత అంత తేటగా లేవడం అదే మొదలు. కిటికీ తియ్యమంది. చెల్లెల్ని తల దువ్వమంది. జుట్టు ఊడి చేతికొస్తే, "నీ పెళ్ళికి నా జడే అరువిచ్చాను, గుర్తుందా, తిరిగియ్యి" అని నవ్విందట. మంచినీళ్ళు రెండు చెంచాలు తాగింది. తర్వాత గుమ్మం వైపు చూసి, ఆయనేరి అంది.

"ఇప్పుడే వచ్చేస్తారక్కా. డ్యూటీ మీద వెళ్ళారు."

"ఈసారి సెలవన్నారే."

చెల్లెలు దువ్వెన మంచం మీద పెట్టి దుప్పటి సర్దింది.

"పోనీలే. సెలవని ఎప్పుడూ అంటారు" అంది ఆవిడ. కోపంగా కాదట. అలవాటుగా. ఇంకో పది నిమిషాలు గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. తర్వాత కళ్ళు మూతపడ్డాయి.

గుత్తన్న వచ్చేసరికి దువ్వెన మంచం మీదే ఉంది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున ఊపిరి ఆగిపోయింది.

ఇంతసేపూ చార్టు మేస్త్రి ఏం చేస్తున్నాడు? ఇంట్లో, బూట్లు వేసుకుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. భార్య బూట్లు విప్పుకోండి, మోగితే వేసుకోవచ్చంటే వినలేదు. మోకాలు నొప్పి, వేసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు ఎందుకు పోగొట్టాలన్నాడు. ఫోను మోగలేదు. పదకొండు దాటేసరికి, ఈ పూటకి ఎవరూ ఇరుక్కోలేదని సంతోషపడ్డాడు. బావ ఇంట్లో మంచం పక్కన కూర్చున్న వేళలో తన వంతు ఇంత తేలిగ్గా నడుస్తున్నందుకు దేవుడికి దండం కూడా పెట్టుకున్నాడు. ఆ మాట ఆయనే తర్వాత చెప్పాడు. చెప్పాల్సిన అవసరం లేని మాట. తనని తాను కొట్టుకోవడానికి చెప్పాడు.

పన్నెండున్నరకి, పని అయిందని బల్లకి చెప్పాక, పొడుగు ఫోను చేశాడు. వాడి గొంతులో దురుసు లేదు. "మేస్త్రిగారూ, బల్ల దగ్గర కాగితంలో గుత్తన్న పేరే ఉంది. మీరు దిద్దలేదా?"

ఆయన వెంటనే ఫోన్ల బల్లకి ఫోను చేసి, ఇవాళా ఎల్లుండీ మొదటి మనిషి తనేనని రాయించి, రాసింది తిరిగి చదివించుకున్నాడు. తర్వాత బండి తీసుకుని గుత్తన్న ఇంటికి వెళ్ళాడు. డ్యూటీలో ఉన్నవాడు కాబట్టి వెళ్ళే ముందు ఎక్కడుంటాడో బల్లకి చెప్పి వెళ్ళాడు. అది కూడా మరిచిపోలేదు. మరవకూడనిది ఒకటే మరిచాడు.

వరండాలో గుత్తన్న కూర్చుని ఉన్నాడు. మరదలు అప్పటికే అన్నీ చెప్పేసింది, దువ్వెన సంగతి, జడ సంగతి, ఆఖరి మాట కూడా. చెప్పొద్దనుకుందట, ఆయన అడిగి అడిగి చెప్పించుకున్నాడు. మేస్త్రి గేటు దగ్గరే నిలబడి చెప్పాడు.

"నా తప్పు బావా. బోర్డు మీద దిద్దాను, బల్ల దగ్గర దిద్దలేదు. చీటీ రాస్తే కారణం రాయాలి. నీకు మాటిచ్చాను కదా అని చీటీ రాయలేదు. తర్వాత వాళ్ళతో గొడవైంది. మరిచిపోయాను."



"నేనే ఎత్తాను కదా ఫోను" అన్నాడు గుత్తన్న. "ఎత్తి, నాది కాదని చెప్పలేకపోయాను. నీ తప్పు ఎంత, నా తప్పు ఎంత అని పంచుకుందామా ఇప్పుడు? లోపలికి రా. పడుకుంది. చూసి వెళ్ళు."

మేస్త్రి లోపలికి వెళ్ళి రెండు నిమిషాలు నిలబడి వచ్చాడు. బూట్లు విప్పి వెళ్ళాడు. మళ్ళీ వేసుకోవడానికి వరండా మెట్టు మీద కూర్చుంటే ఎంతకీ తాడు ముడి పడలేదు. గుత్తన్న చూస్తూ ఊరుకున్నాడు. వేరే రోజైతే, కట్టనా ముసలాడా అని వెక్కిరించేవాడు.

సెలవుల తర్వాత షెడ్డు తెరిచిన రోజు మేస్త్రి మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగింది రాసిచ్చాడు. చార్టు ఇంకొకరికి అప్పగించమన్నాడు. ఇరుక్కున్నవాళ్ళు అరగంటలోపే బయటికొచ్చారు, ఫిర్యాదేమీ రాలేదు, ఇందులో తప్పేముందని మేనేజరు అడిగాడట. ఆ కాగితం మడిచి తిరిగిచ్చేశాడు. భవనం వాళ్ళు మెచ్చుకుంటూ ఒక ఉత్తరం కూడా రాశారు. దాన్ని బోర్డుకి అంటించమని మేనేజరు ఇస్తే, మేస్త్రి తన గదిలో సొరుగులో పెట్టి తాళం వేశాడు.

పొడుగు వచ్చి క్షమించమన్నాడు. మేస్త్రి వాడి భుజం తట్టి, "నువ్వడిగింది న్యాయమేరా. నిన్ను తిప్పి పంపిన నోటితో నేను గీత గియ్యకూడదు. నీ తమ్ముణ్ణి చూశావా?" అని అడిగాడు. సాయంత్రం రెండు గంటలు చూశానన్నాడు వాడు.

మేస్త్రి కొత్త చీటీలు అచ్చువేయించాడు. కారణం గడి తీసేశాడు. ఇద్దరి సంతకాలు, ఫోన్ల బల్ల సంతకం, అంతే. మనిషి ఎందుకు ఇంట్లో ఉండాలనుకుంటున్నాడో కాగితానికి అక్కర్లేదన్నాడు. సెలవుల ముందురోజు ఎవరు బల్ల దగ్గర కూర్చోబోతున్నా, బోర్డు దగ్గరికి వచ్చి రెండు చార్టులూ పైకి చదివి సరిచూసుకోవాలని రూలు పెట్టాడు. మంచి రూలే. రూళ్ళన్నీ ఎవరో ఒకరు పోయాకే వస్తాయి.

గుత్తన్న నెల తర్వాత పనిలోకి వచ్చాడు. మేస్త్రితో గొడవ పడలేదు. బావా అని పిలవడం మానలేదు. ఒకే బల్ల మీద తింటున్నారు. కానీ మేస్త్రి కూర ఎంత బాగున్నా ఆయన చెయ్యి అటు వెళ్ళడంలేదు. మేస్త్రి గిన్నె మధ్యలోకి జరుపుతాడు. అది అలాగే ఉంటుంది. తిరిగి జరుపుకుంటాడు.

ఈ ఏడు నవంబరులో పుస్తకం తెరిచినప్పుడు, ఎవరికి ఏ రోజు కావాలో రాసే చోట గుత్తన్న పేరు ఎదురుగా ఒక్క మాట ఉంది: ఐదూ. మేస్త్రి ముందు అర్థం చేసుకోలేదు. ఐదు రోజులూ ఇంట్లో ఉంటానని అనుకున్నాడట. అడిగితే కాదన్నాడు. ఐదు రోజులూ డ్యూటీ వెయ్యమన్నాడు.

"వరసగా ఎవరికీ వెయ్యను. నీకు తెలుసు" అన్నాడు మేస్త్రి. "ఈ ఏడు నీ జట్టు ఇంట్లో ఉండాలి, అయినా నువ్వడిగావు కాబట్టి రెండోదీ నాలుగోదీ వేస్తా. మిగతా మూడూ విశ్రాంతి."

"ఆ మూడు రోజులూ ఏం చెయ్యమంటావు బావా నన్ను?"

గుత్తన్న నిలదియ్యడంలేదు. నిజంగానే అడుగుతున్నాడు, డ్యూటీ ఎన్నింటికి అని అడిగినట్టు. మరదలు తన ఇంటికి వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. మేస్త్రి తన ఇంటికి రమ్మన్నాడు. సరే చూద్దాం అన్నాడు గుత్తన్న. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు.

సోమవారం టీ వేళకి మేస్త్రి చార్టు చదివాడు. గుత్తన్న పేరు దగ్గర తేదీ రెండుసార్లు చదివాడు. అడిగేదుంటే ఇప్పుడు అడగండి అన్నాడు. ఎప్పటిలాగే అందరి మొహాలూ చూశాడు, గుత్తన్న మొహం ఒక్కటీ వదిలేసి.

సెలవుల మొదటి రోజు పొద్దున ఎనిమిదికి మేస్త్రి బల్ల దగ్గర చార్టు సరిచూడ్డానికి షెడ్డుకి వచ్చాడు. మూసిన రేకు తలుపు ముందు గుత్తన్న క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇవాళ నీది కాదు బావా."

"తెలుసు."

"మరి?"

"ఇంట్లో కాసేపు కూర్చున్నా. తర్వాత వచ్చా."

మేస్త్రి తలుపు తీశాడు. ఫోనక్క వచ్చి లోపల బల్ల దగ్గర కూర్చుంది. ఇంటికి పో, విశ్రాంతి తీసుకో అని చెప్పడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు అందరికీ ఆ మాటే చెప్పాడు. డ్యూటీ లేని రోజున షెడ్డు చుట్టూ తిరిగేవాణ్ణి తిట్టి పంపేవాడు. ఈ మనిషికి చెప్పడానికి ఆయన నోరు రాలేదు. ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చున్నారు. పదిన్నర ప్రాంతంలో లోపల ఫోను మోగింది. ఫోనక్క ఎత్తి, భవనం పేరు రాసుకుని, ఆ రోజు మొదటి మనిషికి, రెండో మనిషికి ఫోను చేసింది. వాళ్ళు బయలుదేరామన్నారు. అప్పటికే గుత్తన్న లేచి నిలబడి ఉన్నాడు. మేస్త్రి కూర్చోమనలేదు. కాసేపటికి ఆయనే కూర్చున్నాడు.